‘చేయబడింది’ని ఏం చేయాలి? రిపోర్టులో కర్మణి వాక్యాలను సరిచేసే పద్ధతి

రిపోర్టు రాయడం పూర్తయిందా? పంపించే ముందు ఆ ఫైలు తెరిచి, Ctrl+F నొక్కి, ‘బడ’ అని కొట్టి చూడండి. సేకరించబడింది, పరీక్షించబడిన, నమోదు చేయబడుతుంది, గమనించబడ్డాయి... వరసగా పసుపు రంగులో వెలుగుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు గుణింతం మారితే వేరే అక్షరం అనుకుంటాయి. అప్పుడు ‘బడి’, ‘బడు’, ‘బడ్డ’ అని విడివిడిగా వెతకండి. మధ్యలో ‘బడి’లో చదివే పిల్లలు, ‘బడ్జెట్’ కూడా దొరుకుతాయి. వాటిని వదిలేయండి.

ఇంకో రకం మాటల్ని కూడా వదిలేయాలి. కనబడు, వినబడు, నిలబడు లాంటివి చూడ్డానికి కర్మణిలాగే ఉన్నా ఇవి అసలు తెలుగు క్రియలు. తేడా తెలియడానికి చిన్న పరీక్ష ఉంది. క్రియ ముందు ‘ఎవరిచేత?’ అని అడగండి. ‘ఎవరిచేత సేకరించబడింది?’ అన్న ప్రశ్నకు అర్థం ఉంది. ‘ఎవరిచేత నిలబడింది?’ అన్నదానికి లేదు. ప్రశ్న కుదిరినవే మన పని.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలిసి ఉంటే మంచిది. ఇంగ్లీషులో కర్మణి ప్రయోగం అంత ఎక్కువగా ఎందుకుంది? ఆ భాషలో పదాల వరస మారితే అర్థమే మారిపోతుంది. ఆనకట్ట గురించి చెప్పదలిచి, ‘ఆనకట్ట’ అన్న మాటను వాక్యం మొదట్లో పెట్టాలంటే సాధారణంగా క్రియను కర్మణిలోకి తిప్పాలి. తెలుగుకు ఆ బాధ లేదు. మనకు ను, ని, కు, తో అనే విభక్తులున్నాయి. ‘నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు’ అనండి. సాగరే ముందుంది, వాక్యం కర్తరిలోనే ఉంది. పైగా కర్తను అసలు చెప్పకపోయినా మన వాక్యం కుంటుపడదు. ‘శంకుస్థాపన చేసింది 1955లో’ అన్నా ఎవరూ తప్పనరు. అంటే ఇంగ్లీషులో కర్మణి చేసే రెండు ముఖ్యమైన పనుల్నీ, కర్మను ముందుకు తేవడాన్నీ కర్తను దాచడాన్నీ, తెలుగు ‘బడు’ లేకుండానే చేసేస్తుంది. మన రికార్డు పుస్తకాల్లో ‘బడు’ ఇంతగా పెరగడానికి ఇంగ్లీషు రికార్డును మాటకు మాట దించుకోవడమే చాలావరకు కారణం.

ఇక ఒక పేరా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా సరిచేద్దాం. నల్గొండ ప్రాంతంలో తాగునీటి ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించింది. దానికి ‘నల్గొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. కాలేజీ విద్యార్థులు ఆ పద్ధతిని ఒక ఊరి నీళ్ల మీద ప్రయత్నించి రిపోర్టు రాశారనుకోండి. కింది పేరా నేను ఊహించి రాసిందే గాని, ఇలాంటివి నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి.

‘గ్రామంలోని ఆరు బోర్ల నుంచి నీటి నమూనాలు సేకరించబడ్డాయి. సేకరించబడిన నమూనాలు శుభ్రపరచబడిన ప్లాస్టిక్ సీసాలలో నింపబడి ప్రయోగశాలకు తీసుకురాబడ్డాయి. వాటిలోని ఫ్లోరైడ్ అయాన్ మీటరు ద్వారా కొలవబడింది. నాలుగు నమూనాలలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువగా ఉన్నట్లు గుర్తించబడింది. ఈ నీటికి పటిక మరియు సున్నం కలపబడి, గంటసేపు కదపకుండా ఉంచబడింది. మడ్డి అడుగున పేరుకుపోబడిన తరువాత పైనీరు వేరుచేయబడింది. రెండవ బోరు నమూనా ఒలకబోయబడినందున దాని ఫలితం నమోదు చేయబడలేదు. ఫలితాలు గ్రామ పంచాయతీకి తెలియజేయడం జరిగింది.’

ఎనిమిది వాక్యాల్లో పదమూడు ‘బడు’లు, చివర ఒక ‘జరిగింది’.

మొదటి అడుగు: ‘బడిన’లను తీసేయండి

సులువైన పని ఇదే, ఆలోచించాల్సిన అవసరం కూడా తక్కువ. తెలుగులో ‘రాసిన’ అన్న విశేషణానికి కర్తరి, కర్మణి భేదం లేదు. ‘రాసిన అమ్మాయి’ అంటే రాసింది అమ్మాయి. ‘రాసిన ఉత్తరం’ అంటే ఎవరో రాసిన ఉత్తరం. ఉత్తరం తనంతట తాను ఏమీ రాయదని వినేవాళ్లకు తెలుసు కాబట్టి ‘రాయబడిన ఉత్తరం’ అనక్కర్లేదు. అలాగే ‘సేకరించబడిన నమూనాలు’ సేకరించిన నమూనాలవుతాయి, ‘శుభ్రపరచబడిన సీసాలు’ శుభ్రం చేసిన సీసాలవుతాయి. అర్థం వెంట్రుకవాసి కూడా మారదు.

ప్రాణమున్నవాటి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. ‘కొట్టిన వ్యక్తి’ అంటే కొట్టినవాడా, దెబ్బలు తిన్నవాడా? మామూలుగా కొట్టినవాడనే అర్థమవుతుంది. వైద్య నివేదికలోనో పోలీసు రిపోర్టులోనో ‘దాడి చేయబడిన మహిళ’ను తొందరపడి ‘దాడి చేసిన మహిళ’గా మారిస్తే బాధితురాలు నిందితురాలైపోతుంది. అక్కడ ‘దాడికి గురైన మహిళ’ అనాలి. ‘ఎంపిక చేయబడిన రోగులు’ ఎంపికైన రోగులవుతారు, ‘నియమించబడిన వైద్యులు’ నియమితులైన వైద్యులవుతారు. గురికావడం, లోనుకావడం, పాలుకావడం, పొందడం అనే మాటలు ఇలాంటి చోట్ల ‘బడు’కన్నా హాయిగా సరిపోతాయి.

రెండో అడుగు: ఆ పని చేతులతో చేశారా, దానంతటదే అయిందా?

అసలు కష్టం, అసలు లాభం కూడా ఇక్కడే. తెలుగులో చాలా క్రియలు జంటలుగా ఉంటాయి. మరుగు, మరిగించు. కరుగు, కరిగించు. కాలు, కాల్చు. నిండు, నింపు. తడుచు, తడుపు. ఒలుకు, ఒలకబోయు. జంటలో మొదటిది వస్తువుకు జరిగేది, రెండోది మనం చేసేది. నామవాచకం పక్కన అవు, చేయు చేర్చి కూడా ఇలాంటి జంటలు ఎన్నయినా తయారవుతాయి: నమోదైంది, నమోదు చేశాం; ఆవిరైంది, ఆవిరి చేశాం.

సైన్సు రాసేవాళ్లకు ఈ తేడా అలంకారం కాదు, సమాచారం. ‘50 మిల్లీలీటర్ల నీరు ఆవిరి చేయబడింది’ అని రాశారనుకోండి. దీన్ని చదివినవాడికి మీరు కావాలని వేడిచేసి ఆవిరి చేశారనిపిస్తుంది. నిజానికి మూత పెట్టడం మరిచిపోతే ఎండకు పోయిన నీళ్లయితే ‘ఆవిరైంది’ అనాలి. మొదటిది పద్ధతిలో భాగం, రెండోది పద్ధతిలో లోపం. పాఠంలో ‘సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీల వద్ద మరిగించబడతాయి’ అని రాస్తే అది భౌతికశాస్త్రం కాదు, వంటింటి సూచన. నీళ్లు మరుగుతాయి, అంతే.

మన పేరాలో ‘పేరుకుపోబడిన’ అన్న మాటను చూడండి. పేరుకుపోవడం మడ్డి తనంతట తాను చేసే పని. దానికి ‘బడు’ అసలు అతకదు. రాసేవాళ్లకు చెయ్యి అలవాటుపడిపోతే ఇలాంటివి కూడా పడుతుంటాయి. ‘మడ్డి అడుగుకు దిగాక’ అంటే చాలు. నాలుగో వాక్యంలో ‘ఉన్నట్లు గుర్తించబడింది’ కూడా అనవసరమైన మోతే. మీటరు చూపించిన అంకె మీ దగ్గరుంది కదా, ‘లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది’ అనండి. ఆ 1.5 ఎందుకంటారా? భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా సహించొచ్చు.

మూడో అడుగు: చేసింది మీరైతే ‘ాం’ అనండి

దానంతటదే జరిగినవి పక్కకు పెడితే మిగిలేవి మనుషులు చేసినవి. సేకరించింది, సీసాల్లో నింపింది, కొలిచింది, పటిక కలిపింది విద్యార్థులే. అలాంటప్పుడు సేకరించాం, నింపాం, కొలిచాం, కలిపాం అని రాయడమే సూటి దారి. ఒక్కరే రాసిన రిపోర్టయితే ‘కొలిచాను’ అనాలి. ఒక్కరే చేసిన పనికి ‘మేము’ వేసుకోవడం బాగోదు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ చూస్తుంటాను. మొదటిది, సొంత పనికి ‘సేకరించారు’ అని రాయడం. ‘సేకరించబడ్డాయి’ని తీసేశామనే తృప్తి మిగులుతుంది గాని, చదివేవాడు ‘ఎవరు వాళ్లు?’ అని వెతుక్కుంటాడు. క్రియ చివరి ‘ారు’ను ఇతరులు చేసిన పనికి పెట్టుకోండి. రెండోది మనం, మేం కలిపేయడం. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట. తెలుగులో ‘మనం’ అంటే చదివేవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. పాఠంలో ‘ఇప్పుడు మనం ఈ గ్రాఫును చూద్దాం’ అనొచ్చు. రిపోర్టులో ‘మనం ఆరు బోర్ల నుంచి నీళ్లు తీశాం’ అంటే చదివే అధికారి ‘నేనెప్పుడు వచ్చాను?’ అనుకుంటాడు. అక్కడ మేం. మంచి సంగతేమిటంటే క్రియ చివరి ‘ాం’ రెండింటికీ ఒకటే కాబట్టి, సర్వనామం రాయకుండా క్రియతోనే నడిపించేయొచ్చు.

‘మేము అంటే శాస్త్రీయంగా ఉండదు, వ్యక్తిగతంగా ఉంటుంది’ అని గైడు అనొచ్చు. ఇంగ్లీషు సైన్సు పత్రికల్లోనే ఆ మాట ఇప్పుడు అంతగా నిలవదు. నేచర్ పత్రిక తన రచయితలకు కర్తరి వాక్యాలే రాయమని సూచిస్తుంది. 1953లో అదే పత్రికలో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం గురించి రాసిన వ్యాసం మొదటి వాక్యమే ‘మేము’తో మొదలవుతుంది. అయినా మీ విశ్వవిద్యాలయం నమూనాలో ఉత్తమ పురుష వద్దని కచ్చితంగా ఉంటే గొడవపడకండి. పద్ధతుల భాగాన్ని చిన్న చిన్న నామ వాక్యాలుగా రాయండి: ‘నమూనాల సేకరణ: ఆరు బోర్లు. కొలత: అయాన్ మీటరుతో.’ అందులో ‘మేము’ ఉండదు, ‘బడు’ కూడా ఉండదు.

కర్మణిని కర్తరిలోకి మార్చేటప్పుడు ప్రత్యయాలను కూడా చూసుకోవాలి. ‘అయాన్ మీటరు ద్వారా కొలవబడింది’లో ‘ద్వారా’ అక్కర్లేదు, పరికరానికి ‘తో’ చాలు. ‘ఫ్లోరైడ్ కొలవబడింది’ అన్నది ‘ఫ్లోరైడ్‌ను కొలిచాం’ అవుతుంది. ప్రాణం లేనివాటికి ‘ను’ లేకపోయినా చెల్లుతుంది, ‘నమూనాలు సేకరించాం’ తప్పు కాదు. కానీ ‘ను’ ఉంచి క్రియను సగమే మార్చడం తప్పు. ‘నమూనాలను సేకరించబడ్డాయి’, ‘నిందితుడిని అరెస్టు చేయబడ్డాడు’ లాంటి వాక్యాలు కనిపిస్తే, రాసినవాళ్లు ఒక దారిలో బయల్దేరి ఇంకో దారిలో ఇంటికి చేరారన్నమాట. ఫైలులో మళ్లీ వెతకాల్సింది ఇలాంటి వాక్యాల కోసమే.

నాలుగో అడుగు: ‘జరిగింది’ని పట్టుకోండి

‘బడు’ బాగోదని ఎవరో చెబితే చాలామంది ఎక్కే మెట్టు ‘చేయడం జరిగింది’. పరిశీలించడం జరిగింది, తెలియజేయడం జరిగింది, చర్యలు తీసుకోవడం జరిగింది. ఇది కర్మణి కాదు, వ్యాకరణం ప్రకారం తప్పూ కాదు. కానీ కర్మణికన్నా అన్యాయం. ‘బడింది’ దగ్గర ‘ఎవరిచేత?’ అని అడగడానికి చోటన్నా ఉంటుంది. ‘జరిగింది’ దగ్గర అదీ లేదు. పెళ్లి జరిగినట్టు, జాతర జరిగినట్టు పని దానంతటదే జరిగిపోతుంది. కాబట్టి ‘జరిగ’ అని కూడా వెతకండి. ప్రమాదం జరిగింది, సమావేశం జరిగింది అన్నవి సహజమైనవే, వాటిని ముట్టుకోవద్దు. ముందు ‘డం’ ఉన్నవే మన గురి.

మన పేరా చివరి వాక్యాన్నే తీసుకోండి: ‘ఫలితాలు గ్రామ పంచాయతీకి తెలియజేయడం జరిగింది.’ ఎవరికి, ఎప్పుడు, నోటితోనా కాగితంతోనా? ఆ ఊళ్లో నాలుగు బోర్ల నీళ్లు తాగడానికి పనికిరావని తేలింది. రేపు ఎవరైనా ‘మాకు చెప్పలేదే’ అంటే ఈ వాక్యం ఎవరినీ కాపాడదు. విద్యార్థులను అడిగితే వివరం బయటికి వస్తుంది: జూన్ 12న పంచాయతీ కార్యదర్శికి కాగితం ఇచ్చారు. రాయాల్సింది ఆ వివరమే.

అలాంటి ప్రశ్నే ఏడో వాక్యం దగ్గర కూడా వేయాలి. ‘రెండవ బోరు నమూనా ఒలకబోయబడినందున’ అన్నారు. ఎవరు ఒలకబోశారు, ఎప్పుడు? ఆ ‘ఎప్పుడు’ ముఖ్యం. పటిక కలిపాక ఒలికితే మొదటి కొలత ఉన్నట్టే. అంతకు ముందే ఒలికితే అసలు కొలతే లేదు. విద్యార్థులు తల గోక్కుని, ఆటోలో తెస్తుంటే మూత ఊడిపోయిందని చెప్పారనుకుందాం. అయితే కొలిచింది ఆరు కాదు, ఐదే. ‘నాలుగు నమూనాలలో ఎక్కువ’ అన్నది ఆరింట నాలుగు కాదు, ఐదింట నాలుగు. భాష సరిచేయబోతే లెక్క సరైంది. కర్మణిని విప్పేటప్పుడు ఇలాంటివి తరచూ దొరుకుతాయి, అందుకే ఆ పని రాసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే మేలు.

ఇప్పుడు పేరా ఇలా తయారవుతుంది:

‘గ్రామంలోని ఆరు బోర్ల నుంచి నీటి నమూనాలు సేకరించాం. వాటిని శుభ్రం చేసిన ప్లాస్టిక్ సీసాల్లో నింపి ప్రయోగశాలకు తెచ్చాం. దారిలో మూత ఊడి రెండో బోరు నమూనా ఒలికిపోయింది; మళ్లీ తీసుకోలేదు. మిగిలిన ఐదింటిలో ఫ్లోరైడ్‌ను అయాన్ మీటరుతో కొలిచాం. నాలుగింటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. ఆ నాలుగింటిలో పటిక, సున్నం కలిపి గంటసేపు కదపకుండా ఉంచాం. మడ్డి అడుగుకు దిగాక పైనీటిని వేరుచేశాం. ఫలితాలను జూన్ 12న పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చాం.’

వాక్యాలు ఇప్పుడూ ఎనిమిదే. ఒలికిన సంగతి చివరి నుంచి, అది జరిగిన చోటికే వచ్చి కూర్చుంది. ‘మరియు’ కూడా పోయింది, దాని మీద నా కోపం ఇంకోసారి చెప్పుకుంటాను.

కర్త ఎవరో మీకే తెలియనప్పుడు

ఇదింకో రకం చిక్కు. రిపోర్టులో కన్నా, సైన్సు వ్యాసాల్లో ఎక్కువ. ‘హీలియం 1868లో గుంటూరులో కనుగొనబడింది’ అన్న వాక్యం మనవాళ్లు ఇష్టంగా రాస్తుంటారు. ‘కనుగొన్నారు’ అని మార్చబోయి, కర్త స్థానంలో ఒక పేరు పెట్టి చూడండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించారు. అదే ఏడాది అక్టోబరులో బ్రిటిష్ శాస్త్రవేత్త లాకియర్ ఇంగ్లండులో, గ్రహణంతో పనిలేకుండానే, సూర్యుడి అంచును పరిశీలించి, అక్కడి వర్ణపటంలోని పసుపు గీత సోడియం గీతలతో కలవడం లేదని చెప్పారు. ఆ గీత హీలియానిదని తర్వాత తేలింది; ఆ పేరు కూడా ఆయన వైపు నుంచి వచ్చిందే. భూమ్మీద ఆ వాయువు దొరికింది 1895లో, బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త రామ్సేకి, ఒక యురేనియం ఖనిజంలో. మరి ‘కనుగొన్నారు’ అన్న క్రియకు కర్త ఎవరు? ఒక్క పేరు కుదరదు. వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, ఎవరేం చూశారో రాయాల్సి వస్తుంది. గుంటూరుకు దక్కాల్సిన గౌరవం దక్కుతుంది, ఎక్కువా తక్కువా కాకుండా. ‘కనుగొనబడింది’ రాసినంతసేపూ ఈ చిక్కు కనిపించలేదు.

కర్త నిజంగానే తెలియకపోతే, తెలియనవసరం లేకపోతే ‘బడు’కు బదులు ఫలితాన్ని చెప్పే రూపాలున్నాయి. ‘బోరు మీద హెచ్చరిక రాయబడి ఉంది’ అనక్కర్లేదు, ‘రాసి ఉంది’ చాలు. ‘నిధులు మంజూరు చేయబడ్డాయి’కి ‘మంజూరయ్యాయి’, ‘మోటారు దొంగిలించబడింది’కి ‘చోరీ అయింది’.

ఉంచాల్సినవి

అన్నీ తీసేశాక కూడా కొన్ని మిగులుతాయి, మిగలనివ్వండి. ‘నేరంగా పరిగణించబడుతుంది’ లాంటి చట్టం మాటలను మీ ఇష్టానికి మార్చకండి. ఉన్నవి ఉన్నట్టే ఎత్తిరాయండి. నిబంధనల్లో కూడా ‘గడువు దాటిన దరఖాస్తులు స్వీకరించబడవు’ అన్నదానికి ఒక పని ఉంది. ‘స్వీకరించం’ అంటే ఎవరో ఒకరు నిర్ణయించుకున్నట్టు ఉంటుంది, వాళ్లను బతిమాలితే ఒప్పుకుంటారేమో అన్న ఆశ పుడుతుంది. ‘స్వీకరించబడవు’ దగ్గర బతిమాలడానికి మనిషి లేడు.

కిరాణా కొట్టువాడికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. గల్లాపెట్టె వెనక గోడ మీద ‘అరువు ఇవ్వబడదు’ అని బోర్డు పెట్టుకుంటాడు. ‘అరువు ఇవ్వను’ అని రాస్తే, రోజూ వచ్చే పక్కింటి పిన్నిగారి ముఖం చూసి ఆ మాట అన్నట్టవుతుంది.